జహీరున్నీసా సైకిలు మూట

బస్సు ఇంకా మలుపు తిరగకముందే అందులో జాగా ఉందో లేదో జహీరున్నీసాకి ఎలా తెలుస్తుంది? పదకొండేళ్ళుగా ఆమెను ఎరుగుదును. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ఇప్పటికీ నా దగ్గర లేదు. ఒకసారి ఆమెనే అడిగాను. "ఇంజను మూలిగేదాన్ని బట్టి టీచరమ్మా" అంది. ఇంకోసారి అడిగితే "టైము చూసుకుంటే తెలవదా ఏంది" అంది. రెండింటిలో ఏది నిజమో, అసలు ఏదైనా నిజమో, నేను తేల్చుకోలేకపోయాను.

గుంటూరులో మా వీధి చివర రెండు గదుల పోర్షన్లో ఉంటుంది జహీరున్నీసా. యాభై తొమ్మిదేళ్ళు. దూది ఏకే ఇంట పుట్టి, దూది ఏకే ఇంట మెట్టింది. భర్త ఖాదర్ వలి భుజాన విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగి దూది ఏకిన చివరి తరం మనిషి. మిషన్లు వచ్చి ఆ విల్లు మూలపడ్డాక ఇద్దరూ బొంతలకీ పరుపులకీ దిగారు. పాత పరుపు విప్పి, దూది ఎండబెట్టి, మిషనులో వేయించి, మళ్ళీ కుట్టి ఇంటికి చేర్చడం వాళ్ళ పని. ఖాదర్ వలి పోయి ఏడేళ్ళయింది. అప్పటినుంచి చేర్చడం కూడా ఆమె ఒక్కదాని వంతే.

చేర్చడం అంటే మాటలు కాదు. చుట్టిన పరుపు మనిషంత ఎత్తుంటుంది. నలగకూడదు, తడవకూడదు. దాన్ని తెనాలి తీసుకెళ్ళాలి, నరసరావుపేట తీసుకెళ్ళాలి, ఒకసారి అమరావతి సత్రానికి నాలుగు పరుపులు రెండు విడతలుగా తీసుకెళ్ళింది. ఆమె పక్కన నడిచి, ఆమెతో రెండు మూడుసార్లు ప్రయాణం చేసి నేను నేర్చుకున్నది చాలా ఉంది. బస్సు బయల్దేరే చోటే ఎక్కాలట, దాటిపోయే చోట కాదు. అందుకోసం ఒక స్టేజీ వెనక్కి నడవాల్సి వచ్చినా నడుస్తుంది. ముందు మూట ఎక్కాలి, తర్వాత మనిషి. కండక్టరు నోరు తెరిచేలోగా "లగేజీ టికెట్టు కొట్టు నాయనా" అనాలి. అడిగించుకుంటే బేరం, అడిగితే మర్యాద అంటుంది. ప్లాట్‌ఫారం నుంచి గేటు దాకా మెట్లు ఎక్కక్కర్లేని స్టేషన్లు ఆమెకు కంఠతా వచ్చు. నేను ముప్పై రెండేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, ఇంటి నిండా పుస్తకాలు పెట్టుకున్నాను. ఒక పెట్టె పట్టుకుని బస్టాండుకి వెళ్తే మాత్రం మొదట కనిపించిన బస్సు ఎక్కేసి నిలబడి వెళ్తాను.

మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే మా గేటు చప్పుడైంది. ఆమే. ఎప్పుడూ అరుగు మీద కూర్చునేది, ఆ రోజు నిలబడే ఉంది.

"షహనాజుకి పని వచ్చింది టీచరమ్మా."

షహనాజ్ ఆమె ఒక్కగానొక్క కూతురు. ముప్పై ఏళ్ళుంటాయి. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి ఎడమ కాలు పొట్టిదయింది. పొన్నూరు అవతల ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట సహాయకురాలిగా తీసుకున్నారట. శుక్రవారం కబురొస్తే అప్పటికప్పుడు వెళ్ళి కాగితాలు ఇచ్చి, అక్కడే ఊళ్ళో ఒక గది చూసుకుంది. హాస్టలు గదికి మూడు కిలోమీటర్లు. సోమవారం తెల్లవారి అయిదింటికల్లా పొయ్యి దగ్గర ఉండాలి.

"మంచి మాటేగా. మరి ఆ మొహం అలా పెట్టావేం?"

"వార్డెనమ్మ అడిగిందట, కాలు ఇట్టా ఉంది, అయిదింటికి ఎట్టా వస్తావమ్మా అని. ఇదేమో, నా సైకిలుంది మేడం అని చెప్పేసింది. ఆమె రాసుకుందట. సోమవారం రాకపోతే లిస్టులో తర్వాత పేరు పిలుస్తామందట. సైకిలేమో ఇక్కడుంది."

"ఒక్క రోజుకి ఆటో మాట్లాడుకోమను. తర్వాత నిదానంగా పంపిద్దాం."

ఆమె నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కోపం కాదు. తెలియక అడిగిన పిల్లని చూసినట్టు చూసింది. "సైకిలుంది అని చెప్పింది గదా టీచరమ్మా. మొదటి రోజే ఆటోలో దిగితే, చెప్పిన మాట ఏమయింది?"

పోనీ అక్కడే ఒక సైకిలు కొనుక్కోమనడానికి లేదు. ఆ సైకిలు అందరి సైకిలు లాంటిది కాదు. ఖాదర్ వలి కూతురి కోసం దాని ఎడమ పెడల్ మీద ఒక చెక్క దిమ్మ బిగించాడు. పొట్టి కాలు అందుకునేంత ఎత్తు, చెప్పు జారకుండా పైన తోలు పట్టీ. ఆ దిమ్మని ఎన్నిసార్లు చెక్కాడో, ఎన్నిసార్లు షహనాజ్‌ని ఎక్కించి దించి మళ్ళీ చెక్కాడో వీధంతా చూసింది. పదిహేనేళ్ళుగా ఆ పిల్ల ఆ సైకిలు మీదే తిరుగుతోంది. వేరే సైకిలు ఎక్కితే ఎడమ కాలు గాలిలో వేలాడుతుంది.

శనివారం ఆమె దారి వెతుక్కోవడానికి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. పొన్నూరులో మా అన్నయ్య కూతురు మహతి ఉంది, ఎటూ ఆదివారం వెళ్ళాలనుకుంటున్నాను. ఇద్దరం కలిసే వెళ్దామనుకున్నాం.

ముందు రైల్వే స్టేషను. పార్శిల్ ఆఫీసులో గుమాస్తా పెద్దమనిషి, ఓపిగ్గా చెప్పాడు. "సైకిలు జనం కూర్చునే పెట్టెలోకి తీసుకెళ్ళకూడదమ్మా. వెనక బ్రేక్ వ్యానులో బుక్ చెయ్యాలి. ఇప్పుడు తిరిగే మెమూ బండ్లకి ఆ వ్యాను లేదు. వ్యానున్న బండే చూసుకోవాలి. పొన్నూరుకి స్టేషను నిడుబ్రోలు. మీరు తెనాలిలో మారాలి. సైకిలునీ అక్కడ దించి ఇంకో బండికి ఎక్కించాలి."

"ఎవరు దించుతారు బాబూ?"

"మావాళ్ళే."

"ఎక్కించేది?"

"అదీ మావాళ్ళే. ఏ బండికి ఎక్కుతుందో మాత్రం నేను చెప్పలేను. నిడుబ్రోలులో బండి ఆగేది కాసేపే. మీరు ముందే దిగి వ్యాను దగ్గర నిలబడాలి."

బయటికొచ్చాక ఆమె వేళ్ళు మడిచింది. "ఇక్కడ ఒక చెయ్యి. తెనాలిలో దించే చెయ్యి, ఎక్కించే చెయ్యి. అక్కడ దించే చెయ్యి. నాలుగు చేతులు పడతయ్యి. ఒక్కడు విసిరినా దిమ్మ పగిలిద్ది."

ఆర్టీసీ పార్శిల్ కౌంటరుకి వెళ్తే, ఆదివారం తీసుకుంటే సోమవారం సాయంత్రానికి అందొచ్చు అన్నారు. ఒక ట్రాలీ ఆటో అబ్బాయి రానుపోను కిరాయి చాలా ఎక్కువ చెప్పాడు. "ఆ డబ్బులకి నువ్వే సైకిలు తొక్కుకుంటా పొన్నూరు చేర్చి రారాదా?" అంది ఆమె. వాడు సిగ్గుపడి నవ్వాడు.

ఇక మిగిలింది బస్సు. బస్టాండులో పొన్నూరు వైపు బస్సులు ఆగే చోట ఒక చెక్క బల్ల ఉంది. దాని మీద కూర్చుని రెండు గంటల సేపు వచ్చేపోయే బస్సులు చూసింది. నేను ఒక పుస్తకం తీశాను. "చదవకండి, చూడండి" అంది. చూశాను. నాకు బస్సులు కనిపించాయి, జనం కనిపించారు. ఆమెకు కనిపించినవి వేరు. పైన క్యారియరు, వెనక నిచ్చెన ఉన్న బస్సులు ఈ దారిలో ఇక లేవు. ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం చేశాక పొద్దున, సాయంత్రం కాలు పెట్టే సందు లేదు. బాపట్ల, చీరాల దాకా పోయే బస్సులు బయల్దేరకముందే నిండిపోతున్నాయి. పొన్నూరుతో ఆగిపోయే పల్లెవెలుగులు కొంచెం నయం.

"పొద్దున ఊళ్ళన్నీ గుంటూరొస్తయ్యి. సాయంత్రం గుంటూరు ఊళ్ళకి పోద్ది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడింటి దాకా బస్సులు ఎవరివీ కావు. అవే మనవి" అంది లేస్తూ. "రేపు ఆదివారం. మిర్చి యార్డు కూడా ఉండదు. యార్డు కూలీలు ఉండరు."

ఆదివారం పొద్దున్నే వాళ్ళింటి ముందు సైకిలు తలకిందులుగా పెట్టి ఉంది. పానా తీసుకుని ముందు చక్రం ఊడదీసింది. హ్యాండిలు వదులు చేసి పక్కకి తిప్పింది. సీటు కిందికి దించింది. కుడి పెడల్ తీసేసింది. ఎడమ పెడల్ ముట్టుకోలేదు.

"అదీ తీసేస్తే మూట పలచగా వస్తుంది కదా" అన్నాను.

"ఎడమ దాని మర తిరకాసు టీచరమ్మా. కుడి దానికి తిప్పినట్టు తిప్పితే ఊడదు, ఇంకా బిగుసుకుద్ది. అట్టాగే బలంగా లాగితే మర అరిగిపోద్ది. ఆయన పోయేముందు రోజు కూడా చెప్పాడు, ఎడమది ఎవర్నీ ముట్టుకోనియ్యమాక అని."

చెక్క దిమ్మకి మొదట ఒక పాత తువ్వాలు, దాని మీద దూది, దాని మీద గోనె చుట్టింది. పురిటి బిడ్డకి గుడ్డలు చుట్టినట్టు చుట్టింది. తర్వాత చక్రాన్ని ఫ్రేముకి ఆనించి, రెండింటినీ పాత బొంతలో పెట్టి, పరుపులకు వాడే ముతక గుడ్డ కప్పి, తాడు తీసుకోకుండా దబ్బనం తీసుకుంది. అరచెయ్యంత పొడుగు సూది. మూటని తాళ్ళతో కట్టడం ఆమెకు అలవాటు లేదు. ముప్పై ఏళ్ళుగా కుట్టడమే. పెద్ద పెద్ద కుట్లు వేసుకుంటూ పోయింది. మధ్యలో ఒక చోట సూది ఆగింది. "ముడి తగిలినట్టుంది" అని అరచేత్తో ఒత్తి అవతలికి నెట్టింది.

ఒంటిగంటకు బస్టాండులో ఉన్నాం. పొన్నూరు బస్సు ఒకటి కదలడానికి సిద్ధంగా ఉంది. సీట్లూ ఉన్నాయి. ఆమె లేవలేదు. రెండోది వచ్చింది. దానిదాకా నడిచి వెళ్ళి, తొంగి చూసి, వచ్చి మళ్ళీ కూర్చుంది.

"ఏమైంది?"

"వెనక పొడుగు సీటు మీద నలుగురు కాలేజీ పిల్లోళ్ళు పడుకొనున్నారు. లేపితే లేస్తారు. లేపినందుకు దారంతా గొణుగుతారు."

మూడో బస్సు ఇంకా మలుపు దగ్గర కనిపించకముందే లేచి నిలబడింది. దిగేవాళ్ళు దిగాక, ఎక్కేవాళ్ళు ఎక్కకముందు, మూట ఒక కొన తను పట్టుకుని రెండో కొన నా చేతికిచ్చింది. వెనక పొడుగు సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే జాగాలో నిలువుగా దించాం. అత్యవసర ద్వారం ఉన్న వైపు కాకుండా, అవతలి వైపు.

కండక్టరు పాతికేళ్ళ కుర్రాడు. మూటని వేలితో పొడిచి చూశాడు. "ఏంటిది పెద్దమ్మా? బొంతలా?"

అవును అంటే సరిపోయేది. నేనైతే అనేసేదాన్ని. "సైకిలు నాయనా" అంది ఆమె.

"సైకిలా! లోపలికి కుదరదు."

"కుదరదని నాకూ తెలుసు. అందుకే చక్రం ఊడదీసి, మడిచి తెచ్చా. నడిచే దారికి అడ్డం లేదు. ఆ తలుపుకి అడ్డం లేదు. నా కాళ్ళ దగ్గరే ఉంది. ఎవరన్నా లెమ్మంటే నేనే లేస్తా. ముందు లగేజీ టికెట్టు కొట్టు, తర్వాత తిట్టు."

వెనక నుంచి ఎవరో నవ్వారు. కుర్రాడు మూట చుట్టూ ఒకసారి చూశాడు. "ఇక్కడేదో పొడుచుకొచ్చింది. పెడలా? అది తీసేస్తే ఇంకా లోపలికి పోద్ది. డ్రైవరన్న దగ్గర పానా ఉంది, తెస్తా."

"వద్దు!" అంది. బస్సంతా వినిపించింది. తర్వాత గొంతు తగ్గించింది. "దాన్ని తియ్యకూడదు బాబూ. నా కూతురి కాలది."

ఆ కుర్రాడికి ఏం అర్థమైందో తెలియదు. ఇద్దరికీ ఆధార్ చూసి సున్నా టికెట్లు, ఆమెకు లగేజీ టికెట్టు ఇచ్చి ముందుకు వెళ్ళిపోయాడు. దారంతా ఆమె ఆ పొడుచుకొచ్చిన చోట మోకాలు ఆనించుకుని కూర్చుంది. గుంట వచ్చినప్పుడల్లా చెయ్యి దాని మీదికి పోయేది.

నారాకోడూరు దాటాం, చేబ్రోలు దాటాం. అంతా ఆమె అనుకున్నట్టే జరిగింది. మినుము పీకేసిన పొలాలు, పచ్చగా మొక్కజొన్న, కాలవ గట్లు. ఇంక పది నిమిషాల్లో పొన్నూరు అనగా బస్సు ఒక్కసారి దడదడలాడి, పొగ వదిలి, రోడ్డు పక్కన ఆగిపోయింది.

డ్రైవరు దిగి చూసి చెయ్యి ఊపాడు. "అయిపోయింది. డిపో నుంచి బండి రావాల్సిందే."

అరగంటకి వెనక బస్సు వచ్చింది. చీరాల బస్సు. తలుపు దగ్గర వేలాడుతున్నారు. అయినా మా బస్సులోవాళ్ళు ఒక్కొక్కరూ దూరిపోయారు. కండక్టరు కుర్రాడు మా దగ్గరికొచ్చాడు. "పెద్దమ్మా, మీరిద్దరూ ఎక్కండి. మూట ఇక్కడే ఉండనీ. డిపో బండిలో వేసి పొన్నూరు పంపిస్తా. రేపు పొద్దున డిపోకొచ్చి తీసుకెళ్ళండి."

మంచి మనసుతోనే అన్నాడు. ఆమె ఆ కుర్రాడి మొహం చూసింది, బస్సు వైపు చూసింది. "మీరు ఎక్కండి టీచరమ్మా."

"నువ్వు?"

"నేను దీంతో వస్తా."

నేను ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయింది.

"ఎంత దూరం నాయనా ఇక్కడి నుంచి?"

"మూడు కిలోమీటర్లుంటది. నడుస్తావా ఏంది?"

"సైకిలుందిగా" అంది ఆమె.

రోడ్డు పక్కన చెట్టు నీడలో మూట దించి పళ్ళతో దారం తెంపింది. కుట్లు విప్పింది. చక్రం ఫ్రేములో పెట్టి పానాతో బిగించబోయి ఆగింది. టైరుని బొటనవేలితో నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది. ఒకసారి తిప్పింది. టైరు పక్కన చిన్న రంధ్రం, అందులో ఇంకా తెల్ల దారపు పోగు ఒకటి వేలాడుతోంది.

ఆ పోగుని రెండు వేళ్ళతో పట్టి లాగింది. తర్వాత "ముడి కాదు" అంది.

దబ్బనం ట్యూబులోంచి పోయింది. ముప్పై ఏళ్ళు దూది కుట్టిన చేతికి అడ్డం వచ్చిందల్లా దూదే అనిపించి ఉంటుంది. డ్రైవరు దగ్గరికొచ్చి చూసి తల పట్టుకున్నాడు. "సైకిలుని కుట్టావా అమ్మా! ఎవరన్నా సైకిలుని కుడతారా?"

"నేను కుడతా" అంది. నవ్వలేదు.

చుట్టుపక్కల పంక్చరు షాపు లేదు. ఆదివారం, పొన్నూరులో కూడా ఈ వేళకి తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదన్నాడు డ్రైవరు. గాలి లేని టైరు మీద మూడు కిలోమీటర్లు నడిపిస్తే టైరుని రిమ్ము తినేస్తుందట. అక్కడినుంచి హాస్టలుకి ఇంకో మూడు. ఎత్తుకుని నడిచినా, తెల్లారి అయిదింటికి షహనాజ్ ఎక్కేది మాత్రం చక్రం తిరిగే సైకిలే కావాలి. నేను ఆమె మొహం వైపు చూడలేక రోడ్డు వైపు చూశాను.

తిరిగి చూసేసరికి ఆమె బొంత చింపుతోంది.

"ఏం చేస్తున్నావు?"

"బాబూ, ఈ టైరు ఒక పక్క ఊడదీసి ట్యూబు బయటికి లాగు" అంది డ్రైవరుతో. అతను తన పెట్టెలోంచి స్క్రూ డ్రైవర్లు రెండు తెచ్చి రిమ్ము అంచున గుచ్చి టైరు లేపాడు. ఈలోపు ఆమె ముతక గుడ్డని నాలుగు వేళ్ళ వెడల్పు పేలికగా చింపి, నేల మీద పరిచి, ట్యూబుతో కొలిచింది. నాలుగున్నర మూరలు. అంచులు కలిపి గొట్టంలా కుడుతూ, కుట్టిన కొద్దీ బొంతలోని దూది లోపలికి కూరింది. వేలితో కూరి, పానా పిడితో దట్టించి, జానెడు జానెడుకీ అడ్డంగా రెండు కుట్లు వేసింది.

"అదెందుకు?" అన్నాడు కండక్టరు. అప్పటికి వాడు ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని గుడ్డ పట్టుకుంటున్నాడు.

"కుట్టు వెయ్యకపోతే దూది పరిగెత్తుద్ది. అంతా ఒక చోట గుంపు చేరుద్ది. పరుపులో మనిషి పడుకునే చోట గుంట పడటం చూళ్ళా? చక్రమైనా అంతే."

"పరుపా ఇది?"

"గుండ్రటి పరుపు. నీ పెళ్ళికి కుడతా, నాలుగు పలకలదే."

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. ఎండ వాలింది. ఆ వేళ్ళని నేను అంతకుముందు ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. బొటనవేలి గోరు పక్కన సూది పోట్లతో చర్మం తోలులా మందమైపోయింది. నొప్పి పుట్టదట అక్కడ.

ఆ సన్నటి దిండుని టైరులో చుట్టూ పెట్టి, డ్రైవరు ఒక పక్క, కండక్టరు ఒక పక్క పట్టుకుని టైరు అంచు రిమ్ములోకి నెట్టారు. చివరి జానెడు ఎంతకీ లోపలికి పోలేదు. ఆమె రెండు కాళ్ళూ చక్రం మీద పెట్టి నిలబడి, అరచేతులతో ఒత్తింది. టప్పున పడింది. వేలితో నొక్కి చూశాను. రాయి కాదు, గాలి కాదు. గట్టిగా కూరిన తలగడలా ఉంది.

చక్రం బిగించింది. హ్యాండిలు తిన్నగా తిప్పింది, సీటు పైకెత్తింది. కుడి పెడల్ ఎక్కించింది. అప్పుడు ఎడమ పెడల్ కట్టు విప్పింది. గోనె, దూది, తువ్వాలు. చెక్క దిమ్మ మీద తోలు పట్టీ చెక్కు చెదరలేదు. పక్కకి తిరిగి, తల మీద ముసుగేసుకున్న తెల్ల కొంగుతో దాన్ని తుడిచింది.

నా సంచీ క్యారియరు మీద పెట్టి, మిగిలిన బొంత హ్యాండిలుకి వేలాడదీసి, ఇద్దరం బయల్దేరాం. నేను సీటు పట్టుకుని నడిచాను. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. రెండుసార్లూ నా కోసమే. "పుస్తకాలు ఎక్కువ చదివితే కాళ్ళు ఇట్టాగే అవుతయ్యి" అంది రెండోసారి. మాటిమాటికీ వంగి ముందు టైరు చూసుకునేది.

పొన్నూరు చేరేసరికి అయిదున్నర. పంక్చరు షాపు ముందు నుంచే వచ్చాం. తాళం వేసి ఉంది. షహనాజ్ గది వీధి చివర. వాకిట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి కుంటుతూ ఎదురొచ్చింది.

"ఫోను చేస్తే ఎత్తవేంటమ్మా? నాలుగింటి నుంచి చూస్తన్నా! బస్సుకి ఏమైంది? టీచరమ్మగారూ, మీరు నడిచొచ్చారా?"

"ఎక్కు" అంది తల్లి.

"మంచినీళ్ళు తాగండి ముందు..."

"ఎక్కవే. ఆ మూల దాకా పోయిరా. ముందు చక్రం తిరిగేది చూస్తే నాకు చాలు, ఈ వేళకి గుంటూరు బస్సులు ఖాళీగా ఉంటయ్యి."

షహనాజ్ సైకిలు తీసుకుంది. ఎడమ పాదం దిమ్మ మీద పెట్టి పట్టీలో దూర్చింది. రోజూ తలుపు గొళ్ళెం తీసినంత మామూలుగా. కుడి కాలితో నేలని ఒక తోపు తోసింది. సైకిలు కదిలింది. మొదట రెండు బారలు బరువుగా, ఎగుడుదిగుడుగా వెళ్ళి, తర్వాత వేగం అందుకుంది. ముందు చక్రం నేల మీద వింత చప్పుడు చేసింది, తడి బట్టని బండ మీద ఉతికినట్టు. అయినా తిరిగింది. షహనాజ్ మూల దాకా వెళ్ళి, ఆగకుండా మూల దాటి, హాస్టలు రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

నేను అటే చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు చూశానో. మొక్కజొన్న చేల పక్కన ఆ పిల్ల చిన్నదై, వెనక్కి తిరిగి మళ్ళీ పెద్దదవుతూ వచ్చింది. చెమటలు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది.

"హాస్టలు రోడ్డు మీద కొంత దూరం పోయొచ్చా! కొంచెం కుదుపుద్ది గానీ గట్టిగానే ఉందమ్మా, రేపటికేం భయం లా..." అంటూ బ్రేకు వేసి చుట్టూ చూసింది. "అమ్మేది?"

నేనూ అప్పుడే చూశాను. వాకిట్లో పీట మీద మిగిలిన బొంత మడిచి పెట్టి ఉంది. దాని మీద పానా, దబ్బనం, దారపు ఉండ. నా సంచీ గుమ్మానికి ఆనించి ఉంది. వీధి రెండో చివర, రోడ్డు ఎక్కే చోట, గుంటూరు వెళ్ళే బస్సు ఒకటి అప్పుడే కదులుతోంది. దాని వెనక అద్దంలో, పొడుగు సీటు మీద, ఆమె తెల్ల ముసుగు కనిపించింది. అది ఇటు తిరగలేదు.